1.5 ఎంఎం అని ఇచ్చిన ట్యూబు అసలు ఎంత మందం? కాటా మీద తేల్చుకుందాం

"అన్నా, పార్టిషన్ కోసం 4 బై ఒకటిముప్పావు అల్యూమినియం ట్యూబు తెప్పించాను. 1.5 ఎంఎం అని ఇచ్చారు. 12 అడుగుల లెంగ్తు కాటా వేస్తే 3 కిలోల 750 గ్రాములే తూగింది. అసలు ఎంత రావాలి?"

4 కిలోల 240 గ్రాములు రావాలండీ. మీ చేతికొచ్చిన ట్యూబు గోడ మందం సగటున 1.32 ఎంఎం మాత్రమే. ఈ రెండు లెక్కలూ చేసి చూపిస్తాను. ఫోన్లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు.

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అడ్డకోత వైశాల్యం 1 చదరపు మిల్లీమీటరు ఉన్న సన్నటి పుల్ల, పొడవు 1 మీటరు అనుకోండి. దాని ఘనపరిమాణం సరిగ్గా 1 ఘన సెంటీమీటరు. తలుపులకీ కిటికీలకీ వాడే 6063 అల్యూమినియం ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది. అంటే ఆ పుల్ల బరువు 2.7 గ్రాములు. ఇక ట్యూబు అయినా, ట్రాక్ సెక్షన్ అయినా, అడ్డంగా కోస్తే లోహం ఎన్ని చదరపు మిల్లీమీటర్లు కనిపిస్తుందో దాన్ని 2.7తో గుణిస్తే మీటరుకు ఎన్ని గ్రాములో వచ్చేస్తుంది.

ఇప్పుడు మన ట్యూబు వైశాల్యం. 4 అంగుళాలంటే 101.6 ఎంఎం, ఒకటిముప్పావు అంటే 44.45 ఎంఎం. బయటి దీర్ఘచతురస్రంలోంచి లోపలి ఖాళీని తీసేయాలి. తెర మీద చూడండి, W వెడల్పు, H ఎత్తు, t గోడ మందం:

```
A = W × H − (W − 2t) × (H − 2t)
A = 2 × t × (W + H − 2t)
```

రెండూ ఒకటే, రెండోది నొక్కడం సులువు. 101.6, 44.45 కలిపితే 146.05. అందులోంచి 3 తీసేస్తే 143.05. దాన్ని 3తో గుణిస్తే 429.15 చదరపు మిల్లీమీటర్లు. 2.7తో గుణిస్తే మీటరుకు 1,159 గ్రాములు. 12 అడుగులంటే 3.658 మీటర్లు కాబట్టి లెంగ్తుకు 4.24 కిలోలు.

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. ఖాళీ కొలత తీసేటప్పుడు t ఒక్కసారే తీసేస్తారు. గోడ ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, పైనా కిందా కూడా అంతే. అందుకే 2t. ఒక్కసారే తీస్తే లెంగ్తుకు 2.14 కిలోలు వస్తుంది, దాదాపు సగం. ఆ లెక్క చేతిలో పట్టుకుని 3.75 కిలోల ట్యూబు చూస్తే, కొట్టువాడు ఎక్కువే ఇచ్చాడని సంబరపడతాం. ఇంకొందరు చుట్టుకొలతను మందంతో గుణించి వదిలేస్తారు. అప్పుడు నాలుగు మూలలూ రెండేసి సార్లు లెక్కకొస్తాయి. ఇలాంటి పల్చటి ట్యూబులో ఆ తేడా 2 శాతమే, ఫర్వాలేదు. కానీ 25 బై 25, మందం 3 ఎంఎం ట్యూబులో అదే తప్పు దాదాపు 14 శాతం అవుతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం, బరువులోంచి మందం తీద్దాం. 3,750 గ్రాములను 3.658తో భాగిస్తే మీటరుకు 1,025 గ్రాములు. 2.7తో భాగిస్తే వైశాల్యం 379.7. దీన్ని బయటి చుట్టుకొలత 292.1తో భాగిస్తే 1.30 వస్తుంది. ఇది తొలి అంచనా. మూలల సంగతి సరిచేయడానికి చుట్టుకొలతలోంచి ఆ 1.30కి నాలుగు రెట్లు, అంటే 5.2 తీసేయండి, 286.9 మిగులుతుంది. మళ్లీ భాగిస్తే 1.32. ఇక మూడోసారి చేయనక్కర్లేదు, అంకె మారదు.

వెర్నియర్ పెట్టి చూస్తే సరిపోదా అంటారేమో. పెట్టండి, కానీ నాలుగు గోడలకీ పెట్టండి. అల్యూమినియాన్ని నెట్టి ట్యూబుగా తీసే డైలో లోపలి ఖాళీని తయారుచేసే దిమ్మ కొంచెం పక్కకు జరిగితే ఒక గోడ లావుగా, ఎదురు గోడ పల్చగా వస్తుంది. కొట్టులో లావు గోడ దగ్గరే కొలిచి చూపిస్తే 1.5 నిజంగానే కనిపిస్తుంది. రంపంతో కోసిన అంచు మీద లేచిన గరుకు కూడా వెర్నియర్‌ను మోసం చేస్తుంది, ముందు ఆకురాయితో తీసేయండి. బరువుకు ఈ బెడద లేదు, అది నాలుగు గోడల సగటునూ ఒక్కసారే చెప్పేస్తుంది.

పౌడర్ కోటింగ్ చేసిన ట్యూబైతే జాగ్రత్త. రంగు పొర సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది. వెర్నియర్‌లో అది 0.08 ఎంఎం దాకా కలుస్తుంది. ఈ సైజు లెంగ్తు మీద ఆ రంగు బరువే సుమారు 100 గ్రాములు ఉంటుంది. అది తీసేశాకే లోహం లెక్క వేయండి. ప్లాస్టిక్ చుట్టు ఉంటే విప్పేసి తూయండి.

పెద్ద కాటా దొరక్కపోతే సరిగ్గా 300 ఎంఎం ముక్క, మూలమట్టం పెట్టి తిన్నగా కోసి, వంటింట్లో డిజిటల్ కాటా మీద పెట్టండి. 1.5 ఎంఎం ట్యూబైతే 348 గ్రాములు చూపిస్తుంది. 1.2 అయితే 279. మధ్యలో దాదాపు 70 గ్రాముల తేడా ఉంది, చూడగానే తెలిసిపోతుంది. కోతలో 2 ఎంఎం తేడా వచ్చినా లెక్క 2 గ్రాములే మారుతుంది.

స్లైడింగ్ కిటికీ ట్రాక్ లాంటి వంకర సెక్షన్‌కు సూత్రం పనికిరాదు. డ్రాయింగ్ ఉంటే ఆటోక్యాడ్‌లో `REGION` చేసి, లోపల ఖాళీలుంటే వాటిని `SUBTRACT`తో తీసేసి, `MASSPROP` కొట్టండి. వైశాల్యం వస్తుంది, 2.7తో గుణించండి. అంతకుముందు తెలిసిన ఒక కొలతను `DIST`తో చూసుకోండి. డ్రాయింగ్ రెండింతల స్కేల్లో గీసి ఉంటే బరువు నాలుగింతలు వస్తుంది.

ఇక మీ కేసు. ఫ్యాక్టరీలో మందం కొంచెం అటూఇటూ కావడం సహజమే. డై కొత్తగా ఉన్నప్పుడు సెక్షన్ కాస్త తేలిగ్గా, అరిగేకొద్దీ బరువుగా వస్తుంది. 5 శాతం లోపు తేడా అయితే నేను పట్టించుకోను. ఇది 11 శాతం దాటింది, అడగాల్సిందే. అయితే బిల్లు కిలోల్లో వేశారా, లెంగ్తుల్లో వేశారా చూసుకోండి. కిలోల్లో అయితే తూగినదానికే డబ్బు కట్టారు, పోయింది గట్టిదనం మాత్రమే. వంపు తట్టుకునే శక్తి కూడా దాదాపు అదే శాతం తగ్గుతుంది, తలుపు బరువు మోసే హింజ్ స్క్రూలకు పట్టు తక్కువవుతుంది. లెంగ్తుకింత అని కట్టి ఉంటే మాత్రం ప్రతి లెంగ్తులో 490 గ్రాముల లోహం మీకు రాలేదు.

ఈసారి ఆర్డరులో "1.5 ఎంఎం" అని రాయించి ఊరుకోకండి. "12 అడుగుల లెంగ్తుకు 4.24 కిలోలు, రంగు కాకుండా" అని రాయించండి. సరుకు దిగేటప్పుడు పది లెంగ్తులు కలిపి ఒకేసారి కాటా వేయండి, 42 కిలోల 400 గ్రాములు రావాలి. 40 కిలోలకు తగ్గితే అక్కడే ఆపండి.