ఎస్‌కేయూ దగ్గర మొదలై పేఔట్ దాకా

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో సెల్లర్ ఖాతా తెరవగానే ఎదురయ్యే ఫారంలో చాలామంది ఆలోచించకుండా నింపేసే గడి ఒకటుంది. అదే ఎస్‌కేయూ. అక్కడ ఏదో ఒకటి కొట్టేసి ముందుకు వెళ్లిపోతారు. ఈ రోజు నేను ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను. లిస్టింగ్, వేరియంట్, ఫుల్‌ఫిల్‌మెంట్, పేఔట్ అనే మిగతా నాలుగు మాటలూ దాని వెనకే వస్తాయి.

ఎస్‌కేయూ అంటే స్టాక్ కీపింగ్ యూనిట్. మీ స్టాకులో విడిగా లెక్కపెట్టాల్సిన ప్రతి రకానికీ మీరు పెట్టుకునే కోడ్ అది. వస్తువు మీద ముద్రించి ఉండే బార్‌కోడ్ వేరు, వేదిక తన లెక్క కోసం ఇచ్చే నంబరు వేరు. ఆ రెండూ బయటివాళ్లు ఇచ్చేవి, ఎస్‌కేయూ మాత్రం మీ సొంతం.

మీరు ఒక టీషర్టు అమ్ముతున్నారనుకుందాం. మూడు రంగులు, నాలుగు సైజులు. కొనేవాళ్లకు కనిపించేది ఒకే పేజీ, అంటే ఒకే లిస్టింగ్. ఫోటోలు, వివరణ, రేటింగులు అన్నీ అక్కడే ఉంటాయి. లోపల మాత్రం 12 వేరియంట్లు, కాబట్టి 12 ఎస్‌కేయూలు. రంగులకు మూడు, సైజులకు నాలుగు కలిపి ఏడు చాలు కదా అని కొందరు అడుగుతారు. చాలవు. అల్మారాలో ఉండేది ‘నీలం’ కాదు, ‘ఎం’ కాదు, నీలం ఎం సైజు టీషర్టు. లెక్కపెట్టాల్సింది దాన్నే. కోడ్ ఇలా ఉంటే చాలు:

```
TSR-BLU-M
TSR-BLU-L
TSR-RED-M
```

సున్నాతో మొదలయ్యే అంకెల కోడ్ మాత్రం పెట్టకండి. ఎక్సెల్‌లో తెరిస్తే ముందున్న సున్నా మాయమవుతుంది. MAR-1 లాంటిది పెడితే దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఆ ఫైలునే తిరిగి అప్‌లోడ్ చేస్తే ఆ కోడ్ మీ స్టాకులో దేనితోనూ కలవదు. ధరను, సరఫరాదారు పేరును కూడా కోడ్‌లో ఇరికించకండి, రేపు అవి మారతాయి. అమ్మడం మానేసిన వస్తువు కోడ్‌ను కొత్త వస్తువుకు ఇస్తే పాత రిటర్నులు, కొత్త అమ్మకాలు ఒకే లెక్కలో కలిసిపోతాయి.

ఇక ఫుల్‌ఫిల్‌మెంట్. ఆర్డర్ వచ్చాక సరుకు తీసి, ప్యాక్ చేసి, పంపి, రిటర్న్ వస్తే చూసుకోవడం వరకూ అంతా ఇదే. మీరే చేయవచ్చు, లేదా వేదిక గోదాముకు సరుకు ముందే పంపి వాళ్లతో చేయించవచ్చు. రెండో పద్ధతిలో పని తగ్గుతుంది. కానీ ప్యాకింగ్ ఫీజు, నిల్వ ఫీజు ఉంటాయి, కదలని సరుకు మీద నిల్వ ఫీజు పెరుగుతూ పోతుంది. ఎవరు చేసినా, తీసేవాళ్లు చూసేది కోడ్‌నే. లేబుల్ తప్పయితే ఎల్ అడిగినవాళ్లకు ఎం వెళ్తుంది.

పేఔట్ అంటే కోతలన్నీ పోయాక మీ బ్యాంకు ఖాతాలో పడే డబ్బు. లెక్క తేలిగ్గా ఉండాలని టీషర్టు ధర 1000 అనుకుందాం. కమీషన్ 150, షిప్పింగ్ 80, చెల్లింపు ఫీజు 20 పోతే 750 మిగులుతుంది. పన్నులు ప్రస్తుతానికి పక్కన పెడదాం. మీ కొనుగోలు ఖర్చు 500 అయితే లాభం 250. పది అమ్మితే 2500 అని సంబరపడతాం.

అందులో రెండు తిరిగొచ్చాయి. కమీషన్, చెల్లింపు ఫీజు వెనక్కి ఇచ్చారనుకుందాం (అన్నిచోట్లా పూర్తిగా ఇవ్వరు). పంపిన షిప్పింగ్ 80, తిరుగు షిప్పింగ్ 80 మాత్రం మీ మీదే పడ్డాయి. ఎనిమిదింటికి 6000, అందులో 320 పోతే పేఔట్ 5680. ఎనిమిది టీషర్టుల ఖర్చు 4000 తీసేస్తే లాభం 1680. తిరిగొచ్చిన రెండూ మళ్లీ అమ్మడానికి పనికొస్తేనే ఈ లెక్క నిలుస్తుంది.

ఇప్పుడు పేఔట్ రిపోర్టు తెరిచి ఎస్‌కేయూ వారీగా చూడండి. రెండు రిటర్నులూ TSR-BLU-M వే అయితే టీషర్టు మొత్తం బాగోలేదని కాదు. ఆ ఒక్క రకం లేబుల్ తప్పయి ఉండొచ్చు, ఆ విడత సరుకులో కొలత తేడా వచ్చి ఉండొచ్చు. గోదాములో ఆ అర చూస్తే తెలిసిపోతుంది. అన్నిటికీ ఒకే కోడ్ ఇచ్చి ఉంటే ఏది తిరిగొచ్చిందో రిపోర్టులో కనిపించదు.

మరో మాట. అమ్మిన రోజే డబ్బు పడదు. వేదికలు ఒక విడతలోని ఆర్డర్లన్నిటికీ కలిపి లెక్క తేలుస్తాయి. రిటర్న్ గడువు అయ్యేవరకూ కొంత ఆపి ఉంచేవీ ఉన్నాయి. పోయిన విడతలో డబ్బు అందిన ఆర్డర్లు ఈ విడతలో తిరిగొస్తే, అమ్మకాలు తక్కువున్న వారం పేఔట్ మైనస్‌లో కనిపించవచ్చు. అది చూసి టెన్షన్ పడకండి. రిపోర్టులో మైనస్ ఉన్న వరుసలోని ఆర్డర్ నంబరు పట్టుకుని పాత రిపోర్టులో వెతికితే, ఆ డబ్బు మీకు ఏ విడతలో వచ్చిందో అక్కడే ఉంటుంది.