గల్లీలో బంతి ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం. ముందుగా ఇక్కడున్న అబ్బాయిల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీకు క్రికెట్ ఎవరు నేర్పారు? చాలామందికి వెంటనే ఒక పేరు గుర్తుకు రాదు, ఎందుకంటే ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంటి ముందు సందులో, గుడి వెనక ఖాళీ జాగాలో, టెన్నిస్ బాల్‌తో, మీకన్నా రెండేళ్లు పెద్ద అన్నల దగ్గర చూసి చూసి వచ్చేసింది. ఒక్క రూపాయి ఫీజు కట్టలేదు. ఇప్పుడు అదే ప్రశ్న అమ్మాయిల్ని అడిగితే, ఆడేవాళ్లున్నా సరే, జవాబు వేరుగా ఉంటుంది. నాన్న అకాడమీలో చేర్పించారు అనో, స్కూల్లో పీఈటీ సార్ పంపించారు అనో చెబుతారు.

ఈ తేడా మీద ఈరోజు మాట్లాడదాం అనుకుంటున్నాను. నా దృష్టిలో మన దేశంలో ఆట ఎవరికి అందుతుంది అనేదానికి మూలం ఇక్కడే ఉంది. అబ్బాయికి ఆట మొదలవడం ఉచితం, అమ్మాయికి మొదటి రోజు నుంచే ఖర్చు. గల్లీ ఆమెది కాదు కాబట్టి ఆ గల్లీ నేర్పే చదువును ఆమె కొనుక్కోవాలి. ఆడపిల్ల అన్న అడ్డు, డబ్బు లేదన్న అడ్డు రెండూ వేరువేరని మనం అనుకుంటాం గానీ ఇక్కడ మొదటిదే రెండోదాన్ని పుట్టిస్తోంది.

షఫాలీ వర్మ సంగతి తీసుకోండి. హర్యానాలో రోహ్‌తక్ అమ్మాయి. చిన్నప్పుడు అక్కడి అకాడమీలు ఆడపిల్లను చేర్చుకోం అన్నాయి. అప్పుడు తండ్రి ఆమె జుట్టు కత్తిరించి, అబ్బాయిలా కనిపించేలా చేసి ఆడించారు. ఒకసారి అన్నకు ఒంట్లో బాగోలేకపోతే అతని బదులు అబ్బాయిల టోర్నమెంట్‌లోనే ఆడింది. పదిహేనేళ్లకే, 2019లో, ఇండియా జట్టులోకి వచ్చింది. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో ప్రపంచకప్ ఫైనల్లో 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యింది. ఈ కథను స్ఫూర్తి కథగా చెప్పడం అందరికీ ఇష్టం. నాకు మాత్రం ఆ జుట్టు కత్తిరించిన సంగతి దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది, ఎందుకంటే అంత ఆట ఉన్న పిల్లకి బంతి అందాలంటే అమ్మాయిగా కనిపించకుండా ఉండాల్సి వచ్చింది, అలా చేయడానికి ఒప్పుకోని తండ్రి ఉన్న ఇంట్లో అంతే ఆట ఉన్న పిల్ల పుట్టి ఉంటే ఆమె గురించి మనకు తెలిసే అవకాశమే లేదు.

మన మిథాలీ రాజ్ కూడా అంతే. సికింద్రాబాద్‌లో అన్నయ్య క్రికెట్ కోచింగ్‌కి వెళ్తుంటే తండ్రి ఆమెనూ వెంట తీసుకెళ్లారు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన మనిషి, క్రమశిక్షణ కోసం అలా చేశారు. అన్నకోసం తెరిచిన తలుపులోంచి చెల్లెలు లోపలికి వచ్చింది. 1999లో ఐర్లాండ్ మీద మొదటి వన్డేలోనే 114 నాటౌట్ కొట్టింది, అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

ఇక మీడియా. 2005లో మన అమ్మాయిలు ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లారు. ఆ టోర్నీలో మ్యాచ్‌కి వెయ్యి రూపాయల చొప్పున, ఎనిమిది మ్యాచ్‌లకి ఎనిమిది వేలు ఇచ్చారని మిథాలీ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. అప్పటికి మహిళల క్రికెట్ బీసీసీఐ చేతిలో లేదు, 1973లో పెట్టుకున్న వేరే సంఘం నడిపేది. దానికి టీవీ డబ్బు లేదు. 2006లో బీసీసీఐ కిందకి వచ్చింది, అయినా బోర్డు ఏడాదికి ఇంత అని డబ్బు ఇచ్చే సెంట్రల్ కాంట్రాక్టులు రావడానికి 2015 దాకా పట్టింది. అంతకుముందు ఈ ఆటతో బతకడం అంటే ముఖ్యంగా రైల్వే ఉద్యోగమే. స్పోర్ట్స్ కోటాలో జీతం, ట్రైన్ పాస్, ప్రాక్టీసుకి వెసులుబాటు ఉండేవి. దేశవాళీ టోర్నీల్లో రైల్వేస్ జట్టు అన్నేళ్లు ఏకఛత్రాధిపత్యం చేయడానికి ఇదే కారణం. మంచి ఆటగత్తెలంతా జీతం ఉన్నచోటికి వెళ్లారు, వెళ్లక తప్పదు కదా.

2017లో పరిస్థితి మారింది. ఇంగ్లండ్‌లో జరిగిన ఆ ప్రపంచకప్‌లో మొత్తం 31 మ్యాచ్‌లుంటే టీవీలో ప్రత్యక్షంగా వేసింది పది మాత్రమే, మిగతావి ఇంటర్నెట్లో చూసుకోవాలి. ఆ పదిలోనే సెమీఫైనల్ ఉంది, హర్మన్‌ప్రీత్ ఆస్ట్రేలియా మీద 171 నాటౌట్ కొట్టింది, మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా టీవీ ముందు కూర్చుని చూశారు. ఫైనల్ తొమ్మిది పరుగులతో పోయింది, కానీ చూసినవాళ్లున్నారు అని కంపెనీలకు అర్థమైంది. ఇక్కడొకటి గమనించండి. టీవీవాళ్లు జనం చూడరు కాబట్టి వేయం అంటూ వచ్చారు, వేయనిది జనం ఎలా చూస్తారని వాళ్లను అడిగేవాళ్లు లేకపోయారు. ఇదే ప్రపంచకప్‌కి ముందు మిథాలీని ఒక విలేఖరి మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగితే, ఇదే ప్రశ్న మగ క్రికెటర్‌ని అడుగుతారా అని ఆమె తిరిగి అడిగారు.

2023లో మహిళల ప్రీమియర్ లీగ్, అంటే డబ్ల్యూపీఎల్ వచ్చింది. ఒక్క బంతి పడకముందే ఐదేళ్ల ప్రసార హక్కులు 951 కోట్లకి అమ్ముడుపోయాయి. అందరూ ఇక అమ్మాయిలకి దారి తెరుచుకుంది అన్నారు. తెరుచుకుంది నిజమే, కానీ ఎంత తెరుచుకుందో లెక్క వేద్దాం. జట్లు ఐదు. ఒక్కో జట్టుకి గరిష్టంగా పద్దెనిమిది మంది, అంటే 90. అందులో ఆరుగురేసి విదేశీయులు ఉండొచ్చు, అంటే 30. మన దేశం మొత్తానికి మిగిలేవి ఓ 60 చోట్లు. ఐపీఎల్‌లో ఇదే లెక్క వేస్తే పది జట్లు, ఇరవై ఐదుగురు చొప్పున 250, అందులో విదేశీయులు 80 తీసేస్తే 170. హైదరాబాద్ పేరుతో ఐపీఎల్ జట్టు ఉంది గానీ డబ్ల్యూపీఎల్‌లో తెలుగు రాష్ట్రాల పేరుతో జట్టే లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, డబ్బు పడేది చివరి మెట్టు మీద. కడప జిల్లా శ్రీచరణిని 2025 సీజన్‌కి ఢిల్లీ జట్టు 55 లక్షలకి తీసుకుంది. ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీశాక వేలంలో అదే జట్టు 1.3 కోట్లు పెట్టింది, రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. ఆ పిల్ల కష్టానికి అది తక్కువే. కానీ ఇదంతా గెలిచాక వచ్చిన డబ్బు. పదేళ్ల వయసు నుంచి ఇరవై దాకా అకాడమీ ఫీజు, లెదర్ బాల్, ప్యాడ్లు, వేలల్లో ఉండే ఇంగ్లిష్ విల్లో బ్యాట్, సెలక్షన్లకి ఊరూరా తిరగడం, ఆడపిల్ల కాబట్టి తోడుగా ఇంట్లో ఒకరు పని మానుకుని వెళ్లడం, ఈ ఖర్చుల్లో ఏదీ టీవీ హక్కుల్లోంచి రాదు. ఇల్లే పెట్టుకోవాలి. తోడుగా వెళ్లిన మనిషి పోగొట్టుకున్న కూలి అయితే ఏ లెక్కలోనూ కనిపించదు. నెలజీతం వచ్చే ఇల్లు ఎలాగో తట్టుకుంటుంది, రోజుకూలీ ఇల్లు తట్టుకోలేదు. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అమ్మాయిల అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టింది, ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఆమె కోసం కుటుంబం భద్రాచలం వదిలి సికింద్రాబాద్ వచ్చేసింది. ఆ ఊరు వదిలి రాలేని ఇళ్లు భద్రాచలంలో ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

కాబట్టి నా వాదన ఇది. టీవీ వచ్చాక అమ్మాయి ఆడతానంటే ఇంట్లో నవ్వడం తగ్గింది, ఒప్పుకునే తల్లిదండ్రులు పెరిగారు. కానీ ఒప్పుకున్నవాళ్లలో ఖర్చు పెట్టగలిగినవాళ్లే ముందుకెళ్తున్నారు. దీన్ని సరిచేయాలంటే వేలంలో రేటు ఇంకా పెంచినా లాభం లేదు. ప్రభుత్వ బడిలో రోజూ సాయంత్రం గంటన్నర అమ్మాయిలకే అని రాసిపెట్టిన గ్రౌండు, తలుపుకి గడియ ఉన్న బాత్రూము, పీఈటీ టీచరు, సెలక్షన్లకి తోడుగా వచ్చే మనిషికి కూడా చార్జీలు, ఇవి కావాలి. 951 కోట్లలో చిన్న వాటా ఇటు మళ్లినా చాలా జిల్లాల్లో పని మొదలవుతుంది.

మీకు ఒక ప్రాజెక్టు ఇస్తున్నాను. వచ్చే వారం ఐదు రోజులు, సాయంత్రం ఐదింటికి మీ కాలేజీ గ్రౌండుకో మీ వీధి ఖాళీ జాగాకో వెళ్లండి. ఎంతమంది అబ్బాయిలు, ఎంతమంది అమ్మాయిలు ఉన్నారో రాసుకోండి. అమ్మాయిలు గ్రౌండు మధ్యలో ఉన్నారా, గట్టు మీద కూర్చున్నారా, ఎన్నింటికి వెళ్లిపోయారు, ఎవరు పిలిస్తే వెళ్లారు అన్నది కూడా రాయండి. ఆడని అమ్మాయిల్లో ఇద్దర్ని ఎందుకు ఆడట్లేదో అడగండి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి, మీరు సరిచేయొద్దు. శనివారం అందరివీ పక్కపక్కన పెట్టి చూద్దాం.