డాష్‌బోర్డులో ఒక బాకీ, ఖాతా పుస్తకంలో ఇంకో బాకీ

"అన్నా, మాది తిరుపతిలో హోటళ్లకు నూనె, పప్పులు వేసే హోల్‌సేల్. ఆర్డర్లన్నీ షీట్లోనే ఉన్నాయని మా తమ్ముడు డాష్‌బోర్డు చేశాడు. అందులో రావాల్సింది 9 లక్షల 40 వేలు అని చూపిస్తోంది. గుమాస్తా పుస్తకంలో 6 లక్షల 70 వేలే ఉంది. దేన్ని నమ్మాలి?"

మొత్తం వరకైతే మీ గుమాస్తానే నమ్మండి. కానీ ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఆగిపోయిందో ఆ పుస్తకం చెప్పదు. మీ డాష్‌బోర్డు చెబుతోంది కానీ తప్పు చెబుతోంది. ప్రశ్న అడిగిన ఈయన షీటు కూడా పంపారు. సెప్టెంబర్ 30న దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. తేడా 2 లక్షల 70 వేలు ఎక్కడుందో వెతికితే మూడు చోట్ల దొరికింది.

మొదటిది, 1 లక్షా 10 వేలు. బ్రహ్మోత్సవాల రద్దీ కోసం హోటళ్ల వాళ్లు ముందుగానే చెప్పి పెట్టిన ఆర్డర్లు ఇవి. సరుకు ఇంకా గోడౌన్ దాటలేదు. ఆర్డర్ రాసిన రోజే డాష్‌బోర్డు దాన్ని అమ్మకంలో కలిపేసింది, బాకీలోనూ కలిపేసింది. సరుకు వెళ్లి బిల్లు కొట్టిన రోజే అది అమ్మకం. కాబట్టి ఆర్డర్ తేదీ కాదు, బిల్లు తేదీ తీసుకోండి. ఇంకో చిన్న మాట. రోజువారీ అమ్మకం జీఎస్టీ లేకుండా చూసుకోండి, బాకీ మాత్రం జీఎస్టీతో కలిపి చూసుకోండి. ఎందుకంటే హోటల్ వాడు మనకు ఇవ్వాల్సింది పన్నుతో కలిపే.

రెండోది, వెనక్కి వచ్చిన సరుకు, 30 వేలు. గుమాస్తా పుస్తకంలో తీసేశాడు, షీట్లో ఎవరూ తీయలేదు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అసలు కథ మూడోది, 1 లక్షా 30 వేలు. ఈ షీట్లో ప్రతి ఆర్డర్ పక్కన Paid లేదా Unpaid అని ఒక కాలమ్ ఉంది. అంతే. ఇప్పుడు చెప్పండి, మన దగ్గర ఏ హోటలాయన బిల్లు చూసి సరిగ్గా అంతే కడతాడు? "ప్రస్తుతానికి ఈ 40 వేలు ఉంచుకో" అంటాడు. ఆ 40 వేలకు సరిపోయే బిల్లే లేదు. దాంతో ఏదీ Paid అవ్వలేదు. డబ్బు చేతికి వచ్చింది, షీట్లోకి రాలేదు.

అందులో ఒక్క హోటల్‌దే 90 వేలు. వాళ్ల లెక్క చూద్దాం. గడువు 15 రోజులు. ఆగస్టు 2న 48 వేలు, 12న 36 వేలు, 25న 52 వేలు, సెప్టెంబర్ 8న 41 వేలు. నాలుగు బిల్లులు కలిపి 1 లక్షా 77 వేలు. వాళ్లు ఇచ్చింది ఒకసారి 40 వేలు, ఒకసారి 50 వేలు. డాష్‌బోర్డు మాత్రం నాలుగు బిల్లులూ కట్టలేదని, పాతది గడువు దాటి 44 రోజులైందని ఎర్రగా చూపిస్తోంది. తమ్ముడు అది చూసి ఫోన్ చేశాడట. "నెల తిరక్కుండా 90 వేలు కట్టాను, నన్నే అడుగుతావా?" అని అవతల ఆయనకు కోపం వచ్చింది. రాదూ మరి!

దీనికి చేయాల్సింది ఏంటంటే, Paid కాలమ్ తీసేసి, వచ్చిన డబ్బుకు Receipts అని వేరే షీటు పెట్టాలి. A తేదీ, B కస్టమర్ కోడ్, C మొత్తం. అంతే. వచ్చిన డబ్బును ముందు పాత బిల్లుకు, అది తీరాక తర్వాతి బిల్లుకు సర్దాలి. మన పెద్దవాళ్లు పద్దుల్లో చేసిందే ఇది. బిల్లులు తేదీ వరుసలో ఉంటే మూడు ఫార్ములాలు చాలు. Bills షీట్లో B కస్టమర్ కోడ్, D గడువు తేదీ, E బిల్లు మొత్తం.

```
F2: =SUMIFS(E$2:E2,B$2:B2,B2)
G2: =MAX(0,MIN(E2,F2-SUMIFS(Receipts!C:C,Receipts!B:B,B2)))
H2: =IF(G2>0,MAX(0,TODAY()-D2),"")
```

F ఆ కస్టమర్‌కు అప్పటిదాకా వేసిన బిల్లుల కూడిక. అందులోంచి వాళ్లు ఇప్పటిదాకా ఇచ్చిందంతా తీసేస్తే, ఈ బిల్లులో ఎంత మిగిలిందో G చెబుతుంది. H గడువు దాటిన రోజులు. మన హోటల్‌కు వేసి చూస్తే మొదటి రెండు బిల్లులూ తీరిపోయాయి. మూడోదానిలో 46 వేలు మిగిలాయి, 21 రోజులు దాటింది. నాలుగోది 41 వేలు, 7 రోజులు దాటింది. మొత్తం 87 వేలు. 44 రోజుల మొండి బాకీ అనుకున్నది ఇదీ.

కోడ్ అని ఎందుకు అన్నానంటే, ఇది తిరుపతి. బాలాజీ, శ్రీనివాస, పద్మావతి అని వీధికి రెండు హోటళ్లుంటాయి. పేరుతో కూడితే ఒకరు కట్టింది ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఈ షీట్లోనే ఒకే హోటల్ మూడు స్పెల్లింగుల్లో ఉంది. చెక్కు ఇచ్చినా, అది పాసయిన రోజే Receipts లో రాయండి. మీ సొంత ఫోన్‌కు వచ్చిన యూపీఐ కూడా అదే రోజు రాయించండి.

బాకీ వయసు చూపించే గడులు కూడా మార్చాలి. 30, 60, 90 రోజులని అందరూ పెట్టుకుంటారు. 15 రోజుల గడువిచ్చే వ్యాపారానికి అవి పనికిరావు, అప్పటికి ఆలస్యమైపోతుంది. గడువు దాటి 7 రోజుల లోపు, 15 లోపు, 30 లోపు, ఆపైన అని పెట్టండి.

అయితే ఈ పద్ధతిలో ఒక గుంట ఉంది. ఈయన కస్టమర్లలోనే ఒక మెస్ ఉంది. వారం వారం సరుకు, సోమవారం డబ్బు. షీట్లో ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంటుంది. కానీ వాళ్ల బాకీ ఎంత తగ్గినా 6,400 కంటే కిందికి దిగదు. అడిగితే తెలిసింది, ఎప్పుడో మూడు నూనె డబ్బాలు కారిపోయి వచ్చాయని ఆ డబ్బు ఆపేశారట. వాళ్లు కొత్త డబ్బు ఇచ్చినప్పుడల్లా అది పాత బిల్లుకు సర్దుకుపోయి, ఆ 6,400 తాజా బిల్లు మీదికి జరుగుతూ వస్తోంది. అందుకే దానికి ఎప్పటికీ వయసు రాదు, ఎప్పుడూ నిన్నటి బాకీలాగే కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవాలంటే కస్టమర్ పక్కన ఇంకో అంకె పెట్టండి. గత మూడు నెలల్లో ఆ ఖాతా ఎంత తక్కువకు దిగిందో ఆ అంకె. అది సున్నాకు రాకపోతే, వేసిన బిల్లు అయినా తప్పయి ఉండొచ్చు, గొడవ అయినా ఉండొచ్చు. అక్కడ ఫోన్ చేయాల్సింది బాకీ అడగడానికి కాదు, సంగతేంటో అడగడానికి.

మెస్ విషయం ఆయన ఇంకా తేల్చలేదు. డబ్బాలు నిజంగానే కారాయో లేదో గోడౌన్ కుర్రాడిని అడుగుతానన్నాడు. కారాయని తేలితే 6,400కు క్రెడిట్ నోట్ ఇచ్చి, Receipts లో ఒక వరుసగా రాయాలి. లేదంటే ఆ బిల్లు పట్టుకుని ఒకసారి మెస్ దాకా వెళ్లి రావాలి.