ఇంకుడు గుంత నిండుతోంది, నీళ్లు మాత్రం ఇంకడం లేదు

యాంకర్: తర్వాతి ఫోన్ పర్లాకిమిడి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నిరుడు వేసవిలో ఇంకుడు గుంత తవ్వించాం. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఆరడుగుల లోతు. డాబా మీది నీళ్లన్నీ పైపుతో అందులోకే వదిలాం. మొదట్లో ఎంత వానైనా మర్నాటికి ఇంకిపోయేది. ఇప్పుడు మూడు రోజులైనా నిలిచే ఉంటున్నాయి. గుంత చిన్నదైందంటారా?

ఇంజనీరు: డాబా కొలత ఎంతమ్మా?

శ్రోత: ముప్పై అడుగులు, ముప్పై ఆరు అడుగులు.

ఇంజనీరు: అంటే 100 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. చిందులకి, స్లాబు తడవడానికి పోగా 85 లీటర్లు గుంతకు చేరతాయి. అరగంటలో 30 మిల్లీమీటర్లు కొట్టే జడివానకి 2,550 లీటర్లన్నమాట. మీ గుంతలో రాయి, ఇసుక ఎంత ఎత్తు నింపారు?

శ్రోత: ఐదడుగులండీ. పైన ఒక అడుగు ఖాళీ.

ఇంజనీరు: రాయి నింపాక నీటికి మిగిలేది సందులే, సుమారు మూడో వంతు. ఆ లెక్కన రాళ్ల మధ్య 1,650 లీటర్లు, పైన ఖాళీ అడుగులో 990. మొత్తం 2,640. కొలత సరిపోయిందమ్మా. పైగా మొదట్లో మర్నాటికే ఇంకిందంటే మీ నేల నీళ్లు తాగుతోంది. మీకు నుయ్యి ఉందా? భాద్రపదంలో నీళ్లు ఎంత కింద ఉంటాయి?

శ్రోత: ఉందండీ. అప్పుడు కూడా పదిహేను అడుగుల కిందే.

ఇంజనీరు: మంచిది. నుయ్యి నీళ్లే గుంత అడుగు దాకా లేచి ఉంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీది ఆ కథ కాదు. అడుగున ఏం వేశారు?

శ్రోత: మేస్త్రి అడుగున ఇసుక పోశాడు, దాని మీద కంకర, అన్నిటికంటే పైన పెద్ద రాళ్లు.

ఇంజనీరు: అదేనమ్మా తప్పు. డాబా మీది దుమ్ము, ఆకుపొడి, నాచు పెద్ద రాళ్ల సందుల్లోంచి జారిపోయి అడుగున ఇసుక మీద పొరలా పేరుకుంటాయి. అక్కడికి మన చెయ్యి అందదు. ఇసుక పైనే ఉండాలి. అప్పుడు బురద కంటికి కనిపిస్తుంది, పైపైన రెండంగుళాలు గీకి తీసేసి కొత్త ఇసుక పోసుకుంటే చాలు.

శ్రోత: అయితే మొత్తం తీయించాలా?

ఇంజనీరు: తప్పదు. కింద రెండున్నర అడుగులు పిడికిలి నుంచి తలకాయంత వరకు రాళ్లు, దాని మీద అడుగున్నర 20 ఎంఎం కంకర, దాని మీద నైలాన్ వల పరిచి, అడుగు ముతక ఇసుక. వల వెయ్యకపోతే ఒక్క వానాకాలంలోనే ఇసుక కంకరలోకి దిగిపోతుంది. ఏటి ఇసుకైనా పరీక్ష చెయ్యండి. గాజుసీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద వేలి మందాన బురద తేలితే కడిగి వాడాలి.

ఇంకో చిన్న పని. రాళ్లు వేసేటప్పుడే నాలుగంగుళాల పీవీసీ పైపు అడుగు భాగమంతా బెజ్జాలు పెట్టి, గుంత అడుగు నుంచి పైదాకా నిలబెట్టి మూత పెట్టండి. రేపు నీళ్లు నిలిస్తే అందులో కర్ర దింపి చూడండి. పైన నీళ్లుండి పైపు పొడిగా ఉంటే ఇసుక మూసుకుపోయినట్టు. పైపులోనూ నీళ్లుంటే అడుగు నేల మూసుకుపోయినట్టు.

శ్రోత: బురద అసలు రాకుండా చెయ్యలేమా?

ఇంజనీరు: గుంతకి ముందు రెండడుగుల చదరం, రెండడుగుల లోతు తొట్టి కట్టించండి. నీళ్లు అందులో నెమ్మదించి మట్టి దిగాక, పై అంచున ఉన్న పైపులోంచి గుంతకి పోవాలి. డాబా పైపుకి ఒక వాల్వు పెట్టించి, ఎండలు కాశాక వచ్చే తొలి వానకి మొదటి 200 లీటర్లు పెరట్లోకి వదిలెయ్యండి. నిండితే పొర్లే పైపు కాలవకి పెట్టడం మర్చిపోవద్దు.

శ్రోత: మా పాత బోరు ఎండిపోయిందండీ. గుంత తీయించే బదులు ఆ నీళ్లు బోరులోకే వదిలితే?

ఇంజనీరు: వద్దమ్మా. డాబా మీది పక్షుల రెట్ట, మట్టి ఏ నేలా వడకట్టకుండా నేరుగా రాతి పగుళ్లలోకి పోతాయి. బురద ఆ పగుళ్లనే మూసేస్తుంది. గుంతలో ఇంకిన నీరు ముందు పైన మెత్తబడ్డ రాతి పొరలో చేరుతుంది, కాబట్టి తేడా మీ నూతిలో కనిపిస్తుంది కానీ లోతు బోరులో వెంటనే కనిపించదు. ఏటా 1,200 మిల్లీమీటర్లు పడితే మీ డాబా నుంచి లక్ష లీటర్లు దిగుతాయి. అవి మీ నూతి చుట్టూనే ఆగవు, పక్కవాళ్ల వైపూ పోతాయి.

శ్రోత: ఇప్పుడే తీయించమంటారా?

ఇంజనీరు: వానల్లో వద్దు, తడి గోడలు మనిషి మీద కూలతాయి. నేల ఆరాక తీయించండి. ఖాళీ చేశాక అడుగున పేరుకున్న బురద గీకించి, అడుగు చదరం, అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపి ఒక పూట నాననివ్వండి. మళ్లీ నింపి గంట చూడండి. అంగుళం దిగితే రాళ్లు వేయించెయ్యొచ్చు. అర అంగుళం కూడా దిగకపోతే కింద బంకమన్ను పొర ఉన్నట్టు. అప్పుడు ఆ పొర దాటేదాకా ఆరంగుళాల బెజ్జం వేయించి, గులకరాళ్లు నింపాకే మిగతా పని మొదలెట్టండి.