కిలోకు ఇరవై రెండు పైసలు
(వాణిజ్యశాస్త్ర విద్యార్థుల సదస్సులో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. నా గురించి పరిచయంలో చెప్పిన మంచి మాటలలో సగం తగ్గించుకుంటే మిగిలేది నిజం. కార్యక్రమ పత్రంలో నా అంశం పేరు "ప్రాజెక్టుల మదింపులో నూతన ధోరణులు" అని అచ్చయింది. నాకు తెలిసినది పాత ధోరణి ఒక్కటే, అందులోనూ నేను స్వయంగా చేసిన ఒక పొరపాటు. దాని గురించే మాట్లాడతాను, మన్నించండి.

చాలా ఏళ్ల క్రితం పశువుల దాణా మిల్లు పెట్టడానికి అప్పు కోరుతూ ఒక యువకుడు మా శాఖకు వచ్చాడు. అతని ప్రాజెక్టు రిపోర్టును పరిశీలించినది నేనే. లెక్క మీకు సులువుగా అందాలని అంకెలను గుండ్రంగా మార్చాను, పన్నును, నిర్వహణ మూలధనాన్ని కావాలనే పక్కన పెట్టాను. పెట్టుబడి 2 కోట్ల రూపాయలు, మిల్లు ఆయుష్షు 8 ఏళ్లు, అమ్మకం ఏడాదికి 3,000 టన్నులు. టన్ను ధర 22,000 రూపాయలు. తవుడు, పత్తిచెక్క, మొక్కజొన్న, కరెంటు, సంచి, అన్నీ కలిసి టన్నుకు చర వ్యయం 19,500 రూపాయలు. టన్నుకు మిగిలే 2,500 చొప్పున ఏడాదికి 75 లక్షలు వస్తాయి. అందులో జీతాలు, బీమా వంటి స్థిర వ్యయం 28 లక్షలు పోగా చేతికి అందేది 47 లక్షలు. డిస్కౌంటు రేటు 12 శాతం. ఎక్సెల్‌లో ఇంతే:

```
=PV(12%,8,-47)-200
```

జవాబు 33.5 లక్షలు. అంటే పెట్టుబడి తిరిగి వచ్చి, 12 శాతం రాబడి కూడా వచ్చాక, నేటి విలువలో ఇంకా 33.5 లక్షలు మిగులుతుంది. దీనినే నికర వర్తమాన విలువ అంటున్నాము.

ఇక పరీక్ష. మా ఫారంలో అమ్మకాలను 10 శాతం తగ్గించి చూపే గడి ఒకటి, వడ్డీని 2 శాతం పెంచి చూపే గడి ఒకటి ఉండేవి. నేను రెండూ నింపాను. డిస్కౌంటు రేటు 14 శాతమైతే విలువ 18 లక్షలకు దిగింది, అయినా లాభమే. అమ్మకాలు 2,700 టన్నులకు పడిపోతే 3.8 లక్షల నష్టం తేలింది. సమీక్ష సమావేశంలో ఆ నష్టాన్ని "స్వల్పం" అని రాసుకుని, రేటు 12 ఉండాలా, 11.75 ఉండాలా అని గంటసేపు వాదించుకున్నాము. ఆ పావు శాతం వల్ల విలువలో వచ్చే తేడా 2 లక్షలు. దయచేసి ఆ 2 లక్షలను గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

చర వ్యయానికి మా ఫారంలో గడి లేదు. గడి లేనందువల్ల నేను అడగలేదు. అది ఫారం తప్పు అని ఎన్నో ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను గానీ, తప్పు నాదే.

ఇప్పుడు మీరే కాగితం తీసి వెయ్యండి. విలువ సరిగ్గా సున్నా కావాలంటే ఏడాదికి ఎంత మిగలాలి? 200ను 8 ఏళ్ల, 12 శాతం గుణకమైన 4.968తో భాగిస్తే 40.26 లక్షలు. మన చేతిలో ఉన్నది 47. కాబట్టి ఏడాదికి 6.74 లక్షల వరకు తగ్గుదలను ఈ మిల్లు తట్టుకుంటుంది. అది అమ్మకాల వైపు నుంచి రావాలంటే 270 టన్నులు తగ్గాలి, అంటే 9 శాతం. స్థిర వ్యయం వైపు నుంచి రావాలంటే అది 24 శాతం పెరగాలి. డిస్కౌంటు రేటు ఒక్కటే మారి విలువ సున్నాకు రావాలంటే అది 12 నుంచి సుమారు 16.6కు ఎక్కాలి. కానీ చర వ్యయం వైపు నుంచి రావడానికి టన్నుకు 225 రూపాయలు చాలు, అది 1.15 శాతం. కిలోకు ఇరవై రెండు పైసలు. యాభై కిలోల సంచి మీద పదకొండు రూపాయల పావలా.

మళ్లీ చెబుతున్నాను, కిలోకు ఇరవై రెండు పైసలు. మేము గంటసేపు వాదించుకున్న పావు శాతం వడ్డీ విలువ ఈ లెక్కలో కిలోకు పైసన్నర కూడా లేదు.

ఇలా జరగడానికి కారణం మార్జిను సన్నగా ఉండడం. నూటికి పదకొండు రూపాయలే మిగిలే వ్యాపారంలో ధరగానీ, ముడిసరుకుగానీ ఒక శాతం కదిలితే ఆ కదలిక మిగులులో ఎనిమిది, తొమ్మిది శాతంగా కనిపిస్తుంది. టన్నులు ఒక శాతం తగ్గితే అమ్మకపు రాబడితో పాటు ముడిసరుకు ఖర్చు కూడా తగ్గుతుంది కనుక మిగులు ఒక శాతమే తగ్గుతుంది. అందువల్ల అన్నింటినీ ఒకే కొలతతో, తలా 10 శాతం చొప్పున కదిపి చూసే అలవాటు మంచిది కాదు. ఏది నిజంగా ఎంత కదులుతుందో ఆ మేరకే కదపాలి. పత్తి పంట తగ్గితే పత్తిచెక్క ప్రియమవుతుంది. మొక్కజొన్న కోసం కోళ్ల ఫారాలు, ఇప్పుడు ఇథనాల్ కర్మాగారాలు కూడా పోటీ పడుతున్నాయి. 2023 జూలైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఇలాంటి ఒక్క ఉత్తర్వు వల్ల మిల్లు ముడిసరుకు బేరం అటో ఇటో మారిపోవచ్చు. ఈ సరుకులలో 5 శాతం మార్పు సంవత్సరమంతా ఎదురుచూడవలసిన విషయం కాదు, ఒక సీజనులోనే జరిగిపోతుంది.

మిల్లు ఇబ్బందిలో పడిన తరువాత ఆ యువకుడి దగ్గరకు వెళ్లాను. చక్రాలు తిరగని మిల్లులో ఎంత నిశ్శబ్దం ఉంటుందో ఆ రోజు తెలిసింది. అతను పొడవాటి కొనుగోళ్ల పుస్తకం ఒకటి తెచ్చాడు. వాళ్ల నాన్నగారు దాణా వ్యాపారం చేసిన కాలం నుంచి పత్తిచెక్క ధరలు వారంవారం అందులో రాసి ఉన్నాయి. "సార్, మీరు అడిగి ఉంటే అప్పుడే తెచ్చేవాణ్ణి" అన్నాడు. నిందలా అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తుంది.

విషయానికి వస్తాను. ఒక్కొక్కదానినే కదపడంలో ఇంకొక మోసం ఉంది. చర వ్యయం 1 శాతం పెరిగితే విలువ 4.4 లక్షలు, ఇంకా లాభమే. అమ్మకాలు 5 శాతం తగ్గితే 14.9 లక్షలు, అదీ లాభమే. రెండూ కలిసి వస్తే 12.8 లక్షల నష్టం. దాణా వ్యాపారంలో ఇవి విడివిడిగా రావు. ముడిసరుకు పెరిగిందని మిల్లు ధర పెంచితే, పాల ధర పెరగని రైతు సంచులు తగ్గించుకుంటాడు. ధర పెంచకపోతే వ్యయం మిల్లు మీదే పడుతుంది. టన్నుకు 195 పెరిగినప్పుడు 100 రూపాయలు రైతు మీద వేసి, అందువల్ల 5 శాతం అమ్మకం పోయిందనుకోండి, విలువ 1.4 లక్షల దగ్గర నిలుస్తుంది. ఇలా ఒక కథగా కలిపి కదిపినప్పుడే అంకెలకు అర్థం ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: నష్టభయం ఉందని అమ్మకాలను తగ్గించి, వ్యయాన్ని పెంచి, అదే భయానికి డిస్కౌంటు రేటును కూడా 16కు పెంచే వారున్నారు. ఒకే భయాన్ని రెండు సార్లు లెక్కవేస్తే మంచి ప్రాజెక్టు కూడా తిరస్కరణకు గురవుతుంది.

చివరిగా కాలం సంగతి. పైన నేను వేసిన పెరుగుదల 8 ఏళ్లూ ఉంటుందనుకున్నాను. చర వ్యయం 5 శాతం పెరిగి 8 ఏళ్లూ అలాగే ఉంటే 112 లక్షల నష్టం. అదే పెరుగుదల మొదటి ఏడాది ఒక్కటే ఉండి తరువాత సర్దుకుంటే విలువ 7.4 లక్షల లాభం చూపిస్తుంది, చూసిన అధికారి సంతకం పెడతాడు. కానీ ఆ మొదటి ఏడాది చేతికి అందేది 17.75 లక్షలే. 1.40 కోట్ల అప్పు మీద 12 శాతం వడ్డీయే 16.80 లక్షలు. అసలు వాయిదాకు మిగిలేది 95 వేలు. నికర వర్తమాన విలువ ఎనిమిదేళ్ల మిల్లు విలువ చెబుతుంది, మార్చి నెలలో కట్టవలసిన వాయిదా సంగతి చెప్పదు. మా యువకుడి మిల్లు ఆగిపోయింది ఆ మొదటి ఏడాది మార్చిలోనే.