అన్నం మానేసినా 59 గ్రాములు
(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక ఆహార నిపుణురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం టిఫిను వేళకు ఇంతమందిని కూర్చోబెట్టి ఇడ్లీ తినవద్దనే విషయం మాట్లాడమన్నారు. నిర్వాహకుల ధైర్యానికి ముందుగా ఒక దండం.

పిండిపదార్థం బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువగా తినే కీటో పద్ధతి మంచిదా చెడ్డదా అన్న వాదన జోలికి నేను పోను. చేద్దామని నిర్ణయించుకున్నవారు ఒక రోజు భోజనం ఎలా లెక్క కట్టాలో మాత్రం చెబుతాను. అయితే కొందరిని ముందే ఆపాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్లోమగ్రంథి వాపు ఒకసారైనా వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దీని జోలికి వెళ్లవద్దు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అదే జబ్బుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారికి వచ్చే చిక్కు ఇంకా మోసకారి. రక్తంలో చక్కెర మరీ ఎక్కువగా కనిపించకుండానే ఒళ్లు ఆమ్లమయం అయిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మందులు వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకండి.

ఇక అసలు సంగతి. మొన్నామధ్య ఒకాయన నా దగ్గరకు వచ్చారు. బెళ్లందూరులో కంప్యూటర్ ఉద్యోగం. నెల రోజులుగా అన్నం, చపాతీ, ఇడ్లీ, చక్కెర ఏవీ ముట్టలేదు. రోజుకు 25 గ్రాముల పిండిపదార్థం దాటకూడదని ఆయన పెట్టుకున్న హద్దు. "అన్నమే తినడం లేదు కదండీ, ఇక హద్దు దాటేదెక్కడ?" అన్నారు. ఏమేం తింటున్నారో కాగితం మీద రాయించాను.

పాలతో ఫిల్టర్ కాఫీ, చక్కెర లేకుండా, రోజుకు మూడు సార్లు. కప్పుకు 100 మిల్లీలీటర్ల పాలు, అంటే 5 గ్రాములు. మూడు కప్పులకు 15. పాలలో చక్కెర వేయకపోయినా పాల చక్కెర ఉండనే ఉంటుంది. ఉదయం మూడు గుడ్ల అట్టులో చిన్న ఉల్లిపాయ, అయిదున్నర. మధ్యాహ్నం కోడికూరలో ఆయన వంతుకు 100 గ్రాముల ఉల్లిపాయ, ఒక టమాటా, కాస్త జీడిపప్పు ముద్ద, మొత్తం 16. పక్కన చిన్న గిన్నెడు పెరుగు, నాలుగున్నర. సాయంత్రం గుప్పెడు జీడిపప్పు, 8. రాత్రి వంకాయ పులుసు. వంకాయ పాపం ఏమీ చేయలేదు. అందులో పడ్డ 10 గ్రాముల చింతపండే అయిదారు గ్రాములు తెచ్చింది. రెండూ కలిపి 10. కూడి చూస్తే 59. ఒక్క మెతుకు లేకుండా 59 గ్రాములు!

మన వంటలో పిండిపదార్థం దాక్కునేది ఇక్కడే. ఉల్లిపాయ ముద్ద, చింతపండు, పాలు, జీడిపప్పు. అన్నం దొంగతనం పట్టపగలే చేస్తుంది కాబట్టి దొరికిపోతుంది, వీటిని ఎవరూ అనుమానించరు.

ఈ అంకెలన్నీ పీచు తీసేసిన అంకెలు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ చూస్తాను. అమెరికా ఆహార పట్టికల్లో మొత్తం పిండిపదార్థంలో పీచు కలిసి ఉంటుంది, దాన్ని మనం తీసేయాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన పట్టికల్లో పీచు ముందే తీసేసి విడిగా చూపించారు. అందులోంచి మళ్లీ తీసేస్తే కూర కాగితం మీద మాత్రమే తేలికవుతుంది.

లెక్క కట్టే వరుస కూడా ముఖ్యం. ముందు పిండిపదార్థం, తరువాత మాంసకృత్తులు, చివరికి కొవ్వు. ఆయనకు రోజుకు 1600 కేలరీలు అనుకున్నాం. 25 గ్రాముల పిండిపదార్థం 100 కేలరీలు. 75 గ్రాముల మాంసకృత్తులు 300. మిగిలిన 1200 కేలరీలు కొవ్వు నుంచి రావాలి. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కాబట్టి 133 గ్రాములు. చాలామంది నెయ్యితో మొదలుపెట్టి, మాంసకృత్తులను గాలికి వదిలేస్తారు. ఇంకొందరు అన్నం మానేసి, నూనె అంటే భయపడి, చప్పిడి కోడిమాంసం తింటూ నీరసపడతారు.

ఆయన రోజును మళ్లీ ఇలా కట్టాం. కాఫీ రెండు కప్పులు, పాలు కాకుండా డికాక్షన్‌లో 40 మిల్లీలీటర్ల చొప్పున క్రీము: కొవ్వు 20, పిండిపదార్థం 3. ఉదయం అదే మూడు గుడ్ల అట్టు, ఉల్లిపాయ 20 గ్రాములే, నెయ్యి 15 గ్రాములు: కొవ్వు 30, పిండిపదార్థం 3. మధ్యాహ్నం కోడికూరకు పులుపు కావాలి, చింతపండు వద్దు. మన చేతిలో గోంగూర ఉండగా దిగులెందుకు? 150 గ్రాముల కోడి తొడమాంసం, 100 గ్రాముల గోంగూర, వెల్లుల్లి, 25 గ్రాముల నూనె. పక్కన 100 గ్రాముల క్యాబేజీ, 40 గ్రాముల పచ్చికొబ్బరి, 10 గ్రాముల నూనెతో వేపుడు. ఈ భోజనం మొత్తంలో కొవ్వు 54, పిండిపదార్థం పదిన్నర. రాత్రి 100 గ్రాముల పనీరు, కొంచెం క్యాప్సికం, 10 గ్రాముల నెయ్యి: కొవ్వు 32, పిండిపదార్థం 5. పనీరు విషయంలో పొట్లం మీది అంకె చదవండి, ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది.

మొత్తం కొవ్వు 136, మాంసకృత్తులు 73, పిండిపదార్థం ఇరవై ఒకటిన్నర. మిగిలిన మూడున్నర గ్రాములను గుప్పెడు బాదంతో నింపబోయారు. ఆపాను. ధనియాల పొడి, కారం, పసుపు ఈ లెక్కలో లేవు. ఆ చోటు వాటిది. నీళ్లతో పాటు ఉప్పు కూడా ఒంట్లోంచి ఎక్కువగా పోతుంది కాబట్టి, రక్తపోటు లేకపోతే కూరలో ఉప్పు తగ్గించవద్దని కూడా చెప్పాను. మొదటి వారంలో తగ్గే బరువులో చాలాభాగం నీరే, దాన్ని చూసి సంబరపడకండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు మూడు నెలలకు మరోసారి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. కొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. అలాంటప్పుడు నెయ్యి తగ్గించి నువ్వుల నూనె, వేరుశనగ నూనె వైపు తిప్పాలి.

ఇక ఇంట్లో నలుగురికీ ఒకే గిన్నెలో వండితే ఎవరి లెక్క ఎలా? దానికి వంటింటి కాటా కావాలి. ఖాళీ గిన్నెను తూచి, ఆ బరువు గోడ క్యాలెండరు మీద రాసుకోండి. మా గిన్నె 900 గ్రాములు. గోంగూర కోడి వండాక 2100 తూగింది, అంటే కూర 1200. మొత్తం 100 గ్రాముల నూనె, 18 గ్రాముల పిండిపదార్థం పడ్డాయి. 300 గ్రాములు వడ్డించుకుంటే నాలుగో వంతు, అంటే నూనె 25, పిండిపదార్థం నాలుగున్నర. అయితే గోంగూర కూరలో నూనె పైకి తేలుతుంది. కలపకుండా అడుగునుంచి తోడుకున్నవారికి ముక్కలు దక్కుతాయి, నూనె దక్కదు.

చెంచాలను నమ్మకండి. మా ఇంట్లో మూడు చెంచాలతో నెయ్యి తీసి తూచాను. ఒకదానిలో 6 గ్రాములు, ఒకదానిలో 9, పెద్దదానిలో 14. గడ్డకట్టిన నెయ్యి గోపురంలా లేస్తే ఇంకా ఎక్కువ.

ఆ బెళ్లందూరు ఆయనకు రెండో వారం మరో చిక్కు వచ్చింది. లెక్క ప్రకారం అన్నీ తింటున్నా సాయంత్రానికి ఆకలి. ఆయన భార్యను అడిగితే, "కూర తీశాక మూకుట్లో నూనె మిగిలిపోతోందండీ, కడిగేస్తున్నాను" అన్నారు. తూచి చూడమన్నాను. 10 గ్రాములు, అంటే 90 కేలరీలు, రోజూ తూములోకి. మన పెద్దవాళ్లయితే ఆ మూకుట్లోనే రెండు ముద్దల అన్నం కలుపుకుని తినేవారు. అన్నం లేదు కాబట్టి ఇప్పుడాయన ముందు కోడికూర వండి, గిన్నెలోకి తీశాక, అదే మూకుట్లో క్యాబేజీ వేయించుకుంటున్నారు.