థైరాయిడ్ తక్కువై ఆగిన ఎత్తు మళ్ళీ వస్తుందా?

"మా పాపకి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా గౌన్లు పొట్టి కావట్లేదు, ఒళ్ళు మాత్రం చేసింది. టెస్టులో థైరాయిడ్ తక్కువని వచ్చింది. మాత్ర వేస్తే ఆగిపోయిన ఎత్తు మళ్ళీ వస్తుందా?"

వస్తుందండీ, చాలా వరకు వస్తుంది. పూర్తిగా వస్తుందా అంటే, లోపం ఎన్నాళ్లు తెలియకుండా ఉండిపోయింది, యుక్తవయసు ఎంత దగ్గర్లో ఉంది అనే రెండు విషయాలు చూడాలి.

ముందు ఎముక దగ్గరికి వెళ్దాం. పిల్లల కాళ్ల ఎముకల చివర్లలో మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. అందులో కణాలు పుట్టి, నిలువు వరుసలు కట్టి, ఉబ్బి, చివరికి ఆ చోట గట్టి ఎముక తయారవుతుంది. ఎత్తు పెరగడమంటే ఇదే. కణాలు ఉబ్బి పక్వానికి రావాలంటే థైరాయిడ్ హార్మోన్ ఉండాలి. అది తగ్గితే ఆ వరుసలు అక్కడే నత్తనడక నడుస్తాయి. దానికి తోడు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ని కూడా తక్కువగా వదులుతుంది. అంటే దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది.

ఇప్పుడు అంకెలతో ఒక ఉదాహరణ అనుకుందాం. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. ఒక పాప ఏడేళ్లకి 118 సెంటీమీటర్లు ఉంది. ఎనిమిదేళ్లకి 120. తొమ్మిదేళ్లకి 121న్నర. బరువు మాత్రం 23 నుంచి 29 కిలోలకి వెళ్లింది. ఇక్కడే అసలు క్లూ ఉంది. తిండి ఎక్కువై లావయ్యే పిల్లలు సాధారణంగా ఎత్తు కూడా బాగానే పెరుగుతారు. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిందంటే హార్మోన్ల వైపు చూడాల్సిందే. మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, పొడిబారిన చర్మం కూడా ఉండొచ్చు. కానీ చాలామందిలో ఎత్తు ఆగడమే ముందుగా కనిపించే గుర్తు. పాప నెమ్మదస్తురాలు, బుద్ధిగా కూర్చుంటుంది అని ఇంట్లో అందరూ మురిసిపోతుంటారు కూడా!

ఆ పాప రక్తపరీక్షలో, థైరాయిడ్‌ని పనిచేయమని పిట్యూటరీ పంపే టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 తక్కువ. యాంటీ టీపీఓ యాంటీబాడీలు ఉన్నాయి, అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడింది. ఎడమ చేతికి ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు ఆరేళ్లే కనిపించింది. తల్లిదండ్రులకి ఆ మాట వినగానే టెన్షన్ పట్టుకుంటుంది. నిజానికి అది ఊరటనిచ్చే సంగతి. ఎముక ముదరలేదు కాబట్టి పెరగడానికి ఇంకా వ్యవధి మిగిలే ఉంది.

చికిత్స లెవోథైరాక్సిన్ మాత్ర. ఈ వయసులో సుమారుగా కిలో బరువుకి రోజుకి 3 నుంచి 5 మైక్రోగ్రాములు లెక్క వేస్తారు. లోపం చాలా కాలంగా ఉంటే తక్కువతో మొదలుపెట్టి డాక్టరు మెల్లగా పెంచుతారు. పొద్దున్నే పరగడుపున, తినడానికి అరగంట నుంచి గంట ముందు వేయాలి. ఐరన్, కాల్షియం మందులు దానితో కలిపి వేస్తే మాత్ర ఒంటికి సరిగా పట్టదు, నాలుగు గంటల ఎడం ఉంచండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష చేసి డోసు సరిచేస్తారు.

మన ఉదాహరణలోని పాప మొదటి ఏడాది 10 సెంటీమీటర్లు పెరిగిందనుకోండి, అది వింతేమీ కాదు. మామూలు వేగానికి మించి సాగే ఈ పెరుగుదలని క్యాచప్ గ్రోత్ అంటారు. కానీ అదే ఏడాదిలో ఎముక వయసు కూడా రెండేళ్లు ముందుకు దూకొచ్చు. ఎత్తు కంటే ఎముక త్వరగా ముదిరితే, చివరికి కొన్ని సెంటీమీటర్లు లోటు మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి పట్టించుకోని కేసుల్లో, యుక్తవయసు ముంగిట దొరికిన కేసుల్లో ఇదే జరుగుతుంది. డోసు ఎక్కువ వేస్తే ఎత్తు ఇంకా వస్తుందనుకోవడం పొరపాటు, ఎముక ఇంకా త్వరగా ముదురుతుంది.

మొదటి నెలల్లో ఇంకో మార్పు కూడా చూస్తారు. బుద్ధిగా కూర్చున్న పాప కుదురు లేకుండా తిరగొచ్చు, చదువు మీద ధ్యాస తప్పొచ్చు. మాత్ర పడట్లేదని ఆపేయకండి, ఇది చాలామందిలో సర్దుకుంటుంది. అయితే తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే వెంటనే డాక్టరుకి చూపించాలి.

పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్న పసివాళ్ల సంగతి వేరు. అక్కడ ఎత్తు కంటే మెదడు ముఖ్యం, చికిత్స మొదటి రెండు వారాల్లోపే మొదలవ్వాలి.

ఇక గ్రోత్ హార్మోన్ టెస్టు. థైరాయిడ్ తక్కువగా ఉండగా చేస్తే అది కూడా తక్కువనే చూపిస్తుంది, ఆ రిపోర్టుని నమ్మలేం. ముందు మాత్రతో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మామూలుకి రావాలి. అలా వచ్చాక కూడా కొన్ని నెలలపాటు ఎత్తు పుంజుకోకపోతే, అప్పుడు ఆ టెస్టుకి అర్థం ఉంటుంది.